ఉప్పు నీళ్లు తాగుతుందా ఆంటీ?

కాకరకాయ వేపుడు చేసే ముందు చక్రాల్లా తరిగిన ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి ఓ అరగంట పక్కన పెట్టడం మనందరికీ అలవాటే. కాసేపటికి గిన్నె అడుగున ఆకుపచ్చటి నీరు చేరుతుంది. ముక్కల్ని గట్టిగా పిండి, చేదు కాస్త తగ్గిందిలే అనుకుని మూకుడులో వేసేస్తాం. ఆ నీళ్లెక్కడివి అని ఎవరైనా అడిగితే "ఉప్పు లాగేసింది" అంటాం. మన అమ్మలూ అదే చెప్పారు. వంటకి ఆ మాట చాలు. తొమ్మిదో తరగతి సైన్సు పరీక్షకి మాత్రం చాలదని మా పక్క ఫ్లాట్ అమ్మాయి విషయంలో తెలిసింది.

మేముండేది కువైట్‌లో అబ్బాసియా. పెళ్లికి ముందు రాజమండ్రిలో ఆరేళ్లు హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పాను. ఇక్కడికొచ్చాక ఇల్లే లోకం. పక్క ఫ్లాట్‌లో ఉండే ఆవిడ నర్సు. వాళ్లది రాజంపేట వైపు. ఆయన ఎడారిలో ఆయిల్ సైట్ల మీద పని చేస్తారు, వారానికోసారి ఇంటికొస్తారు. ఆవిడకి నైట్ డ్యూటీ పడిన రోజుల్లో వాళ్లమ్మాయి మా ఇంట్లోనే భోంచేసి, చదువుకుని, పడుకుంటుంది. పేరెందుకు గానీ, మేమంతా బుజ్జీ అనే పిలుస్తాం.

మే నెల మొదట్లో బుజ్జి యూనిట్ టెస్టు పేపరు పట్టుకొచ్చింది. సైన్సులో నలభైకి పదహారు. వాళ్లమ్మ ఆ పేపరు చూసి పెద్దగా కేకలేమీ వేయలేదు. "జూన్‌లో సెలవులకి ఊరెళ్తాం కదా, దీన్ని అక్కడే హాస్టల్లో వేసేస్తాను అక్కా. నా డ్యూటీలతో నేను చదివించుకోలేను" అంది. ఇక్కడి మన ఇళ్లలో ఈ మాట కొత్తది కాదు. ఎందరో పిల్లలు ఇంటర్‌కి వెళ్తారు, కొందరు ఇంకా ముందే వెళ్తారు. బుజ్జి నోరెత్తలేదు. మా వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చుని, పేపరుని నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దాచేసింది.

ఆ పేపరు అడిగి తీసుకుని చూశాను. ఆస్మాసిస్ నిర్వచనం పొల్లు పోకుండా రాసింది. దానికి రెండు మార్కులకి రెండూ వచ్చాయి. కింద మూడు మార్కుల ప్రశ్న ఒకటి ఉంది. ద్రాక్షపండుని బాగా ఉప్పు కలిపిన నీళ్లలో వేస్తే ఏమవుతుంది, ఎందుకు? "ద్రాక్ష ఉబ్బుతుంది. ఎందుకంటే ఉప్పునీళ్ల గాఢత ఎక్కువ, ద్రాక్ష లోపల గాఢత తక్కువ. నీరు ఎక్కువ గాఢత నుంచి తక్కువ గాఢతకి వెళ్తుంది" అని రాసింది. సున్నా.

చదివితే నాకు ముచ్చటేసింది. జవాబు తప్పేగానీ ఆలోచన తప్పు కాదు. నిర్వచనంలో "ఎక్కువ గాఢత" అన్నప్పుడు దేని గాఢతో పుస్తకం ఉద్దేశం వేరు, పిల్ల అనుకున్నది వేరు. పుస్తకం చెప్పేది నీటి సంగతి. పిల్ల పట్టుకున్నది ఉప్పు సంగతి. నీరు ఎక్కువున్న చోటంటే ఉప్పు తక్కువున్న చోటు. ఈ తిరకాసు దగ్గరే చాలామంది పిల్లలు జారిపోతారు. అక్కడ మళ్లీ నిర్వచనమే చదివించి లాభం లేదు.

ఆ శుక్రవారం కాకరకాయలు తరుగుతుంటే బుజ్జి పక్కనే ఉంది. ఉప్పు పట్టించి పక్కన పెట్టిన గిన్నెని కాసేపటికి వంచి చూసి, "ఆంటీ, ఉప్పు నీళ్లు తాగుతుందా?" అని అడిగింది.

"తాగితే నీళ్లు ఉప్పులో ఉండాలిగా. గిన్నె అడుగునెందుకున్నాయి?"

"మరి లాగుతుందా? మాగ్నెట్ లాగా?"

"మాగ్నెట్ అయితే ఉప్పుకి మాత్రమే ఆ శక్తి ఉండాలి. ఉందో లేదో చూద్దాం పట్టు" అన్నాను.

ఇంట్లో కీరా దోసకాయలున్నాయి. మూడు చిన్న గిన్నెలు తీసుకుని, కిచెన్ తూకం మీద పెట్టి, ఒక్కోదాంట్లో వంద గ్రాముల కీరా చక్రాలు వేయించాను. అన్నీ ఒకే మందం, సుమారు రెండు రూపాయి బిళ్లలంత. మొదటి గిన్నెలో ఏమీ వేయలేదు. రెండో దాంట్లో ఐదు గ్రాముల ఉప్పు, అంటే టీ స్పూనుకి కొంచెం తక్కువ. మూడో దాంట్లో ఐదు గ్రాముల పంచదార. మూడింటినీ కలిపి, మూతపెట్టి, గంట ఆగమన్నాను. ముందుగా ఏమవుతుందో కాగితం మీద రాయమన్నాను. "ఉప్పు గిన్నెలో నీళ్లు వస్తాయి. పంచదార గిన్నెలో రావు, ఎందుకంటే పంచదారకి లాగే గుణం లేదు" అని రాసింది.

గంటయ్యాక ఒక్కో గిన్నెని జల్లెడలో వంచి, వచ్చిన నీటిని తూచాం. ఏమీ వేయని దాంట్లో ఒక గ్రాము, అది కత్తి కోసినప్పుడు కారిన తడి. ఉప్పు వేసినదాంట్లో ఇరవైకి కొంచెం పైన. పంచదార వేసినదాంట్లో తొమ్మిది. ఉప్పూ పంచదారా కూడా ఆ నీళ్లలోనే కరిగి ఉన్నాయి కాబట్టి ఆ బరువు తీసేసినా, పంచదార గిన్నెలోనూ కొంత నీరు కీరా ముక్కల్లోంచి వచ్చిందన్నది తేటతెల్లం.

బుజ్జి తన కాగితం చూసుకుంది, గిన్నె చూసుకుంది. "అంటే ఉప్పు గొప్ప కాదన్నమాట. ఏదైనా కరిగితే చాలా?"

అక్కడ తెరుచుకుంది తలుపు.

ముక్క కోసినప్పుడు పైవరస కణాలు తెగి, ఆ పైన పల్చటి తడి ఉంటుంది. ఉప్పు రవ్వలు ముందుగా ఆ తడిలో కరుగుతాయి. దాంతో ముక్క చుట్టూ చిక్కటి ఉప్పునీటి పొర ఒకటి తయారవుతుంది. లోపల తెగని కణాలున్నాయి. ఒక్కో కణానికీ సన్నటి పొర ఉంటుంది. నీటి అణువులు ఆ పొరలోంచి అటూ ఇటూ సులువుగా తిరుగుతాయి. ఉప్పూ పంచదారా అంత తేలిగ్గా దాటలేవు. నీళ్లు ఎప్పుడూ రెండువైపులా వెళ్తూ వస్తూనే ఉంటాయి. కానీ బయటవైపు ఉప్పు ఎక్కువగా కరిగి ఉండటం వల్ల అటునుంచి లోపలికొచ్చే నీళ్లు తక్కువ, లోపల్నుంచి బయటికెళ్లే నీళ్లు ఎక్కువ. మొత్తం లెక్క చూస్తే నీరు బయటికి వచ్చినట్టు. ఎవరూ లాగలేదు. రాకపోకల్లో తేడా, అంతే.

"మరి ఉప్పుకి ఇరవై, పంచదారకి తొమ్మిదే ఎందుకు?" అంది వెంటనే. మంచి ప్రశ్న. ఇక్కడ లెక్క గ్రాములది కాదు, నీళ్లలో కరిగిన రేణువుల సంఖ్యది. పంచదార అణువు పెద్దది, బరువైనది. ఉప్పు చిన్నది, పైగా నీళ్లలో కరగ్గానే సోడియం, క్లోరైడ్ అని రెండుగా విడిపోతుంది. ఒక గ్రాము ఉప్పులో ఒక గ్రాము పంచదార కన్నా దాదాపు పన్నెండు రెట్లు ఎక్కువ రేణువులు వస్తాయి. అందుకే అదే బరువుకి ఉప్పు ఎక్కువ నీటిని బయటికి రప్పిస్తుంది. నీళ్లు పన్నెండింతలు రాలేదేమంటే, నీళ్లు బయటికొస్తున్నకొద్దీ బయటి ఉప్పునీరు పలచబడుతుంది, లోపల మిగిలిన రసం చిక్కబడుతుంది. తేడా తగ్గేకొద్దీ వేగమూ తగ్గుతుంది. పైగా మేమిచ్చింది గంటే.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ "పొర" అన్నమాట బుజ్జికి ఇంకా పుస్తకంలోని బొమ్మే. అది నిజంగా ఉందనడానికి సాక్ష్యం ఏది? మర్నాడు శనివారం బంగాళదుంపలతో కూర్చున్నాం.

పచ్చి దుంపని వేలంత పొడుగు ముక్కలుగా, చిప్స్ కన్నా కొంచెం లావుగా కోశాం. ఒక గ్లాసులో మామూలు మంచినీళ్లు. ఇంకో గ్లాసులో పావు లీటరు నీటికి ఒక టీ స్పూను ఉప్పు. రెండు ముక్కలు అందులో, రెండు ఇందులో. గంటన్నర తర్వాత తీస్తే, మంచినీళ్లలోవి కర్రల్లా బిర్రుగా ఉన్నాయి, వంచితే ఫట్‌మని విరిగాయి. ఉప్పునీళ్లలోవి రబ్బరులా వంగాయి. ఆ వంగిన ముక్కల్లో ఒకదాన్ని మంచినీళ్ల గ్లాసులోకి మార్చాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే అది దాదాపు మళ్లీ బిగుసుకుంది. పోయిన నీరు తిరిగి లోపలికెళ్లింది. వాడిన కొత్తిమీర కట్ట కాడల్ని నీళ్లలో పెడితే లేచి నిలబడటంలోనూ కణాలు ఇలాగే నీటితో నిండి బిగుసుకుంటాయి.

తర్వాత అదే దుంపలో మిగిలిన ముక్కని ఐదు నిమిషాలు ఉడకబెట్టి చల్లార్చి మంచినీళ్లలో వేశాం. సాయంత్రం దాకా ఉంచినా మెత్తగానే ఉంది, బిగుసుకోలేదు. "చచ్చిపోయింది" అంది బుజ్జి. అవును. వేడికి కణాల పొరలు చిరిగిపోయాయి. పొర లేకపోతే లోపలికీ బయటికీ తేడా ఉండదు, నీటిని పట్టి ఉంచే సంచీ ఉండదు. పచ్చి దుంప ముక్కకీ, ఉడికిన ముక్కకీ మధ్య ఉన్న ఆ తేడాయే పొర. కంటికి కనపడని దాన్ని ఆ పిల్ల వేళ్లతో వంచి చూసింది.

ఒక జాగ్రత్త. ఈ ప్రయోగం మీ పిల్లలతో చేయిస్తే ఉప్పు మరీ ఎక్కువ వేయకండి, రాత్రంతా వదిలేయకండి. గ్లాసుకి మూడు స్పూన్లు వేసి పొద్దున్న దాకా ఉంచిన ముక్కల్లో కణాలు కోలుకోలేనంతగా దెబ్బతింటాయి. మంచినీళ్లలో వేసినా లేవవు. అప్పుడు పిల్లలు "నీరు లోపలికి వెళ్లదు" అని తప్పుడు నిర్ణయానికి వస్తారు.

ఇవన్నీ అయ్యాక బుజ్జి తనంతట తానే ఒక సమస్య తెచ్చింది. వాళ్లమ్మకి నైట్ డ్యూటీకి బాక్సు కట్టేది ఈ పిల్లే. కీరా పెరుగు పచ్చడి ఇష్టమని రోజూ పెడుతుంది. సాయంత్రం ఆరింటికి కలిపితే అర్ధరాత్రి మూత తీసేసరికి మజ్జిగలా అయిపోతోందని వాళ్లమ్మ అంటుందట. "పెరుగు పల్చగా ఉందేమో అనుకుని గ్రీక్ పెరుగు కొన్నాం ఆంటీ, అయినా అంతే. ఇప్పుడు తెలిసింది, తప్పు పెరుగుది కాదు. ఉప్పు ఆరు గంటలు కీరాలోంచి నీళ్లు తెప్పిస్తోంది."

"మరేం చేస్తావు?"

కాసేపు ఆలోచించింది. రెండు దారులు చెప్పింది. ఒకటి, ఉప్పు చిన్న పొట్లంలో విడిగా పెట్టి, తినేముందు కలుపుకోమనడం. రెండోది, ఆ నీళ్లేవో ముందే రప్పించేయడం. తరిగిన కీరాకి ఉప్పు పట్టించి ఇరవై నిమిషాలు ఉంచి, పిండేసి, అప్పుడు పెరుగులో కలపడం. ఉప్పు మళ్లీ వేయకూడదు, ముక్కలకి పట్టిందే సరిపోతుంది. ఆ రాత్రికి రెండోది చేసి బాక్సు కట్టింది.

ఆ వారమే నేను మాగాయ పెట్టాను. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో ఇండియన్ కొట్లలో పుల్లటి పచ్చి మామిడికాయలు దొరుకుతాయి. ఎండకైతే కువైట్‌లో కొదవ లేదు. దుమ్ము లేచిన రోజున మాత్రం బాల్కనీ తలుపు తీయకూడదు, ఆరబెట్టిన ముక్కల మీద పల్చటి గుడ్డ కప్పాలి. చెక్కు తీసి తరిగిన కిలో ముక్కలకి నూటయాభై గ్రాముల ఉప్పు, ఒక స్పూను పసుపు కలిపి జాడీలో పెట్టాను. మూడో రోజుకి ముక్కలు మునిగేంత ఊట వచ్చింది. ఊట అన్న మాట ఎంత బాగుందో అప్పుడు గమనించాను. బావిలో నీరు ఊరినట్టు ముక్కలోంచి నీరు ఊరింది. ఉప్పు లాగింది అనే మాట కన్నా ఇదే శాస్త్రానికి దగ్గర.

ఊట మీద తేలిన ఒకట్రెండు ముక్కల్ని అడుక్కి నొక్కుతుంటే ఎందుకని అడిగింది బుజ్జి. పైకి తేలిన ముక్క గాలి తగిలి ఆరిపోతుంది, తడి చెయ్యో తడి గరిటో తగిలితే అక్కడ ఊట పలచబడుతుంది. బూజు మొదట అక్కడే పడుతుంది. ఎందుకంటే బూజుకీ, బాక్టీరియాకీ కూడా కణాలే, పొరలే. చిక్కటి ఉప్పు ఊటలో పడితే వాటి లోపలి నీరూ బయటికొచ్చేస్తుంది, పెరగలేవు. ఊట పలచబడిన చోట వాటికి నీళ్లు దొరుకుతాయి. ఊట పైన తెల్లటి తెట్టు కనిపించిందంటే అక్కడ ఉప్పు సరిపోలేదనో, తడి తగిలిందనో అర్థం. "జాడీలో తడి గరిటె పెట్టకు అని అమ్మమ్మ అందుకే తిడుతుందా" అంది.

మంచినీళ్ల ఫిల్టరు మీద రాసి ఉన్న RO అన్న అక్షరాలు ఇంకో రోజు పట్టుకుంది. O అంటే ఆస్మాసిస్ అని ఇప్పుడు తెలుసు, మరి R ఏమిటని. రివర్స్. ఉప్పున్న వైపు నుంచి గట్టిగా ఒత్తితే నీరు తన దారికి ఎదురు నడిచి, ఉప్పుని వెనకే వదిలేసి, పొర దాటి మంచినీరై వస్తుంది. కువైట్‌కి నదులు లేవు. ఒకప్పుడు షత్ అల్ అరబ్ నుంచి పడవల మీద తాగునీరు తెచ్చుకునేవారు. 1953లో షువైఖ్‌లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు మొదలైంది. అప్పట్లో అదంతా నీటిని మరిగించి ఆవిరి పట్టే పద్ధతి. తర్వాతి కాలంలో RO యూనిట్లూ తోడయ్యాయి. మామూలు సముద్రపు నీరు ఎదురు నడవడం మొదలెట్టాలంటేనే కారు టైరులో గాలి ఒత్తిడికి పదింతల పైన కావాలి. ఈ గల్ఫ్ నీరు మామూలు సముద్రాల కన్నా ఉప్పన కాబట్టి ఇంకా ఎక్కువ కావాలి. గిన్నెలో కీరా ముక్కలు చడీచప్పుడూ లేకుండా చేసే పనిని వెనక్కి తిప్పాలంటే అంత బలం కావాలన్నమాట.

మే మూడో వారంలో ఒక ఉదయం వాళ్లమ్మ డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికే వచ్చింది, బుజ్జిని స్కూలు బస్సు ఎక్కించడానికి. టీ ఇచ్చాను. "ఈ మధ్య పచ్చడి నీళ్లు కావట్లేదే. పెరుగు మార్చావా?" అని కూతుర్ని అడిగింది.

బూట్లు వేసుకుంటున్న పిల్ల తలెత్తి, కీరా సంగతంతా చెప్పుకొచ్చింది. నిర్వచనం ఎక్కడా రాలేదు. "ఉప్పు ఎక్కువున్న వైపుకి నీళ్లు వెళ్తాయమ్మా, మధ్యలో పొర ఉంటే" అంది, అంతే.

ఆవిడ టీ కప్పు కింద పెట్టి, "అయితే మేము పేషెంట్లకి సెలైన్ ఎక్కిస్తాం కదా, అందులో ఉప్పెందుకు? మంచినీళ్లే ఎక్కించొచ్చుగా?" అని అడిగింది. పరీక్షించడానికి అడిగిందో, ఊరికే అడిగిందో తెలీదు.

బుజ్జి ఒక బూటుతో అలాగే కూర్చుండిపోయింది. "రక్తంలో కణాలుంటాయి. వాటికీ పొర ఉంటుంది. లోపల ఉప్పూ అవీ ఉంటాయి. బయట ఉత్త నీళ్లయితే..." ఆగింది. "నీళ్లు లోపలికెళ్తాయి. దుంపకైతే బయట గట్టి గోడ ఉంటుంది, బిగుసుకుని ఆగుతుంది. రక్తకణానికి గోడ లేదు కదా. పగిలిపోతుందా?"

"పగిలిపోతుంది" అంది వాళ్లమ్మ. "మరి ఉప్పు ఎక్కువైతే?"

"కీరాలాగా ముడుచుకుపోతుంది."

"అందుకే లీటరుకి తొమ్మిది గ్రాములు. అటూ కాదు, ఇటూ కాదు. సీసా మీద 0.9 అని ఉంటుంది. పద్నాలుగేళ్ల నుంచి ఎక్కిస్తున్నాను. నా కూతురికి ఇలా చెప్పాలని తోచనే లేదు."

కింద బస్సు హారన్ కొట్టింది. పిల్ల రెండో బూటు చేత్తో పట్టుకునే పరిగెత్తింది.

నెలాఖరులో పెట్టిన టెస్టులో సైన్సుకి నలభైకి ఇరవై ఎనిమిది వచ్చాయి. గొప్ప మార్కులేమీ కావు. ఫిజిక్స్ భాగంలో ఇంకా తడబడుతోంది. కానీ ఈసారి ఎండుద్రాక్షని పంచదార పాకంలో వేస్తే ఏమవుతుందన్న ప్రశ్నకి మూడుకి మూడూ వచ్చాయి. జవాబు చివర, అడక్కపోయినా, "ఉడికించిన ద్రాక్షతో అయితే ఇలా జరగదు" అని ఒక వాక్యం కలిపింది.

జూన్‌లో వాళ్లు ఊరెళ్లారు. టికెట్లు ముగ్గురికీ రానూ పోనూ తీశారు. వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది చూద్దాం అక్కా అంది వాళ్లమ్మ. వెళ్లేముందు మాగాయ చిన్న సీసాలో పోసి ఇస్తే, ఆవిడ పొడి గరిటె కోసం మా వంటింట్లో వెతుకుతోంది, బుజ్జి సీసా మూత తుడుస్తోంది.